సహోద్యోగి ఇంట్లో ఆపద వచ్చింది, మీటింగ్ మార్చాలి: తరచుగా అడిగే ప్రశ్నలు

హనుమకొండ, వరంగల్, కరీంనగర్ వైపు చిన్న, మధ్యతరహా ఆఫీసుల్లో మీటింగులు ఏర్పాటు చేసేవాళ్ల కోసం ఈ పేజీ. సహోద్యోగి ఇంట్లో ఎవరికో ఒక్కసారిగా ఒంట్లో బాగోలేకపోయినా, ప్రమాదం జరిగినా, మనిషి పోయినా అనుకున్న మీటింగ్ ఆగిపోతుంది. ఆ సంగతి పదిమందికి చెప్పే బాధ్యత ఎవరో ఒకరి మీద పడుతుంది. ఆ ఒకరికి పనికొచ్చేలా రాశాం.

విషయం సులువుగా అర్థం కావడానికి అంతటా ఒకే ఉదాహరణ వాడాం. పేర్లు కేవలం ఉదాహరణకు పెట్టినవి. హనుమకొండలో ఒక స్వచ్ఛంద సంస్థ ఆఫీసు ఉంది. 15వ తేదీ గురువారం ఉదయం 11 గంటలకు అక్కడ మూడు నెలల లెక్కల సమీక్ష పెట్టుకున్నారు. అకౌంట్స్ చూసేది రజిత. మీటింగ్ ఏర్పాట్లు చూసేది సురేశ్, వయసులో ఆమెకంటే పెద్దవాడు. వాళ్లతో పాటు అదే ఆఫీసులో పనిచేసే ఇంకొకామె మాధవి. నిధులిచ్చే సంస్థ నుంచి ఇద్దరు హైదరాబాద్ నుంచి పొద్దున బండికి కాజీపేట వస్తారు. నర్సంపేట, పరకాల, ములుగు నుంచి ఫీల్డ్ కోఆర్డినేటర్లు బస్సుల్లో వస్తారు. బుధవారం రాత్రి హుజూరాబాద్‌లో రజిత వాళ్ల నాన్నకు పక్షవాతం వచ్చింది. హనుమకొండ ఆస్పత్రికి తెచ్చారు, అక్కడి నుంచి తెల్లవారుజామున హైదరాబాద్ తీసుకెళ్లమన్నారు. సురేశ్ ఫోన్‌కు ఆమె నుంచి మెసేజ్ వచ్చింది: "అన్నా, బాపుకు బాగలేదు. హైదరాబాద్ తీసుకపోతున్నం. ఇయ్యాల రాలేను."

అందరికీ పంపే మెసేజ్ ఎంత పొడుగు ఉండాలి? అందులో ఏముండాలి?

ఫోన్ తెర మీద కిందికి జరపకుండా ఒక్క చూపులో చదవగలిగినంత చాలు. సురేశ్ పంపాల్సింది ఇలా ఉంటే సరిపోతుంది:

> అందరికీ నమస్కారం. ఈరోజు (15వ తేదీ, గురువారం) 11 గంటల లెక్కల సమీక్ష జరగడం లేదు. 21వ తేదీ, బుధవారం ఉదయం 11 గంటలకు అదే చోట పెట్టుకుందాం. రజిత గారు కుటుంబ అత్యవసరం వల్ల కొన్ని రోజులు సెలవులో ఉంటారు. ఈలోగా బిల్లులు, వోచర్ల విషయం నన్ను అడగండి. ఆమెకు ప్రస్తుతం ఫోన్లు, మెసేజ్‌లు చేయవద్దని మనవి. – సురేశ్

ఇందులో మొదట వచ్చేది మీటింగ్ లేదన్న మాట. చాలామంది జరిగిన ఆపదతో మొదలుపెట్టి, బాధ వ్యక్తం చేసి, చివరి వాక్యంలో "కావున నేటి సమావేశం" అని రాస్తారు. పరకాల బస్టాండులో నిలబడి ఫోన్ తీసిన మనిషికి నోటిఫికేషన్‌లో కనిపించేది మొదటి ఒకటి రెండు లైన్లే. అక్కడ "తీవ్ర విచారంతో తెలియజేయునది" అని ఉంటే మిగతాది తర్వాత చదువుదాంలే అని బస్సెక్కేస్తారు.

రెండోది కొత్త తేదీ. మూడోది కారణం, అదీ రెండే మాటల్లో: కుటుంబ అత్యవసరం. నాలుగోది, ఆమె చేసే పని ఈలోగా ఎవరు చూస్తారన్నది. దీన్నే ఎక్కువమంది మర్చిపోతారు. మనిషి పేరు చెప్పకపోతే ములుగు కోఆర్డినేటర్ తన ట్రావెల్ బిల్లు కోసం మధ్యాహ్నానికి రజితకే ఫోన్ చేస్తారు. ఆయన తప్పేం లేదు, ప్రతి నెలా ఆమెనే అడుగుతారు కాబట్టి అలవాటుగా అడుగుతారు. అందుకే చివర్లో ఫోన్లు చేయవద్దన్న మాట కూడా దాచకుండా రాయాలి.

"కుటుంబ అత్యవసరం" అని పొడిగా రాస్తే బాగుంటుందా? నాన్నగారికి పక్షవాతం అని చెబితే అందరూ అర్థం చేసుకుంటారు కదా?

సానుభూతి కోసం కారణం చెప్పాలని అనిపిస్తుంది, అది మంచి ఉద్దేశమే. కానీ ఆ సంగతి రజితది. ఆమె చెప్పింది ఒక్క సురేశ్‌కు. తెల్లవారుజామున అంబులెన్సులో కూర్చుని, సెలవు కావాలి కాబట్టి చెప్పింది. గ్రూపులో పెట్టమని చెప్పలేదు.

మన ఊళ్లలో దీనికి ఇంకో కోణం ఉంది. ఆఫీసు గ్రూపులో పెట్టిన మాట గంటలో హుజూరాబాద్ చేరుతుంది. గ్రూపులో ఉన్నవాళ్లలో ఎవరో ఒకరికి అక్కడ చుట్టం ఉంటారు, లేదా వాళ్ల ఊరి పిల్లను ఇచ్చిన ఇల్లు ఉంటుంది. రజిత వాళ్ల అమ్మకు ఇంకా పూర్తిగా చెప్పకపోయి ఉండవచ్చు. దుబాయ్‌లో ఉన్న తమ్ముడికి నెమ్మదిగా చెబుదామని అనుకుని ఉండవచ్చు. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు గల్ఫ్‌లో మనిషి లేని వాడ తక్కువ. అక్కడున్నవాళ్లకు ఇంటి కబురు ఎలా చెప్పాలన్నది ఇంట్లో పెద్దలు ఆలోచించి చెబుతారు. మన మీటింగ్ మెసేజ్ వాళ్లకంటే ముందే అక్కడికి చేరకూడదు.

ఇంకొకటి, మొదటి కబురు చాలాసార్లు మారుతుంది. రాత్రి గుండెపోటు అన్నది పొద్దున గ్యాస్ నొప్పి అని తేలవచ్చు. పక్షవాతం అనుకున్నది షుగర్ పడిపోవడం కావచ్చు. జబ్బు పేరు రాయకపోతే తర్వాత సరిచేసుకోవాల్సిన పని ఉండదు.

ఆస్పత్రి పేరు, వార్డు, ఎవరికి బాగోలేదు, ఏం జరిగింది, ఖర్చు ఎంతవుతుందట అన్న నాలుగైదు సంగతులూ మీటింగ్ మార్చడానికి అక్కర్లేదు. రజితే "అందరికీ చెప్పండన్నా" అంటే అప్పుడు ఆమె చెప్పమన్నంత వరకే చెప్పాలి.

ముందుగా ఎవరికి చెప్పాలి? గ్రూపులో పెడితే అందరికీ ఒకేసారి తెలుస్తుంది కదా?

అందరికీ ఒకేసారి చేరుతుంది, కానీ అందరూ ఒకేసారి చూడరు. అందుకే ముందు ప్రయాణంలో ఉన్నవాళ్లకు ఫోన్ చేయాలి.

సికింద్రాబాద్ నుంచి కాజీపేటకు ఎక్స్‌ప్రెస్ బండి దాదాపు రెండు గంటలు పడుతుంది. 11 గంటల మీటింగ్‌కు వచ్చేవాళ్లు ఏడు, ఎనిమిది మధ్య అక్కడ బండెక్కాలి, అంతకుముందే ఇంట్లోంచి బయల్దేరాలి. అంటే సురేశ్ చేతిలో ఉన్న సమయం పొద్దున ఆరు నుంచి ఆరున్నర. ఆ అరగంటలో అతను చేయాల్సిన మొదటి ఫోన్ హైదరాబాద్ వాళ్లకు. రెండోది ములుగు మనిషికి, ఆయనది దూరం ఎక్కువ కాబట్టి. నర్సంపేట, పరకాల వాళ్లకు ఇంకో గంట తర్వాత చెప్పినా నష్టం లేదు. ఊళ్లో ఉన్నవాళ్లకు గ్రూపు మెసేజ్ చాలు.

ఫోన్‌లో చెప్పే మాట కూడా చిన్నదే: "సార్, ఇంత పొద్దున చేస్తున్నందుకు ఏమనుకోకండి. ఈరోజు మీటింగ్ జరగడం లేదు, మీరు బయల్దేరవద్దు. మా టీమ్‌లో ఒకరి ఇంట్లో అత్యవసరం వచ్చింది. కొత్త తేదీ కాసేపట్లో మెసేజ్ చేస్తాను." ఎవరింట్లో అని ఆయన అడిగితే రజిత పేరు చెప్పవచ్చు, లెక్కలు చూసేది ఆమే అని ఆయనకు తెలుసు. ఏమైంది అని అడిగితే "వాళ్ల ఇంట్లో పెద్దవాళ్లకు బాగోలేదు సార్, వివరాలు నేను కూడా అడగలేదు" అంటే చాలు, మర్యాదస్తులు అక్కడితో ఆగుతారు.

ఫోన్ ఎత్తకపోతే మెసేజ్ పెట్టి, పది నిమిషాలాగి మళ్లీ చేయాలి. అప్పటికే బండెక్కేశారని తెలిస్తే మీటింగ్ పూర్తిగా రద్దు అనకుండా, వచ్చినవాళ్లతో అరగంట కూర్చుని లెక్కలతో సంబంధం లేని విషయాలు మాట్లాడుకునే ఏర్పాటు చేయాలి. రెండు గంటలు కూర్చుని వచ్చిన మనిషిని కాజీపేట నుంచే వెనక్కి పంపితే ఆయన విసుగు ఎవరి మీదకు పోతుందో వేరే చెప్పక్కర్లేదు.

రజితకు ఏం రాయాలి?

ఆమెకు పంపేది వేరే మెసేజ్, అదే అన్నిటికంటే ముందు పంపాలి. సురేశ్ ఇలా రాస్తే బాగుంటుంది:

> సరే చెల్లె. మీటింగ్ సంగతి నేను చూసుకుంటా, అందరికీ నేనే చెప్తా. నీ పని కూడా ఈ వారం నేను, మాధవి చూసుకుంటం. ఆఫీసు గురించి ఏం ఆలోచించకు. బాపు దగ్గర ఉండు. దీనికి జవాబు ఇయ్యకు, పర్వాలేదు.

అన్నా అని పిలిచిన మనిషికి ఆఫీసు భాషలో జవాబు ఇస్తే దూరం పెట్టినట్టు ఉంటుంది. సురేశ్‌కంటే ఆమె పెద్దదైతే "అక్కా" అని రాసేవాడు. కొత్తగా చేరిన మనిషి, అంత చనువు లేదు అనుకుంటే "రజిత గారూ, మీటింగ్ విషయం మేము చూసుకుంటాం. మీరు నాన్నగారి దగ్గరే ఉండండి. జవాబు అక్కర్లేదు" అని రాస్తే నిండుగా ఉంటుంది.

రాసిన ప్రతి వాక్యాన్నీ ఒకసారి ఇలా చూసుకోండి: ఇది చదివాక ఆమె ఏదైనా చేయాల్సి వస్తుందా? "ఇప్పుడెలా ఉంది?" అంటే జవాబు రాయాలి. "ఏ ఆస్పత్రి?" అంటే పేరు చెప్పాలి, చెప్పాక ఎవరైనా వస్తారేమోనని చూసుకోవాలి. "ఏమైనా కావాలంటే చెప్పు" అన్నది కూడా అలాంటిదే. ఏం కావాలో ఆలోచించే పని, అడగడానికి మొహమాటపడే పని రెండూ ఆమెవే అవుతాయి. దాని బదులు మనం చేయగలిగిందే చెప్పాలి. "మీ అమ్మ ఇంటి దగ్గర ఒక్కతే ఉంటే మా ఇంటామెను పంపిస్తా, అవునంటే ఒక్క అక్షరం పెట్టు చాలు" అన్నది సాయం. హైదరాబాద్‌లో తెలిసినవాళ్లున్నారు, రాత్రి పడుకోవడానికి చోటుంది అంటే ఆ చిరునామా, ఫోన్ నంబరు పెట్టి వదిలేయాలి. అవసరమైతే ఆమె వాడుకుంటుంది.

ఇంకొన్ని మాటలు అసలు రాయొద్దు. "ఏం కాదు, తగ్గిపోతుంది" అని మనం చెప్పలేం, మనకు తెలియదు. "మా మామకు కూడా ఇట్లనే అయింది" అన్న కథ ఆ పొద్దున ఎవరికీ పనికిరాదు. "వోచర్ల ఫైలు పాస్‌వర్డ్ ఒక్కటి చెప్పగలవా?" అన్న ఒక్క ప్రశ్న పైన రాసిన మంచి మాటలన్నిటినీ చెరిపేస్తుంది. పాస్‌వర్డ్ నిజంగా కావాల్సి వస్తే ఆరు రోజులు ఆగవచ్చు, అందుకేగా మీటింగ్ మార్చింది.

కొత్త తేదీ ఆమెను అడిగే పెట్టాలి కదా? ఆమె లేకుండా లెక్కల సమీక్ష ఎట్లా?

అడగకూడదు. ఐసీయూ బయట కూర్చున్న మనిషికి వచ్చే బుధవారం ఎలా ఉంటుందో తెలియదు. అయినా ఆఫీసు అడిగింది కాబట్టి "వస్తా అన్నా" అనేస్తుంది. తర్వాత రాలేకపోతే రెండోసారి క్షమించమని అడగాల్సి వస్తుంది. ఆ ఇబ్బందిలోకి మనమే నెట్టినట్టవుతుంది.

తేదీ నిర్ణయించే ముందు సురేశ్ తనను తాను అడగాల్సింది వేరే ఉంది: ఈ మీటింగ్‌కు కావాల్సింది రజితా, రజిత దగ్గరున్న కాగితాలా? చాలాసార్లు కాగితాలే. మూడు నెలల ఖర్చుల పట్టిక ఆమె మంగళవారమే మెయిల్ చేసి ఉంటే, వోచర్ల ఫైళ్లు బీరువాలో ఉంటే, మాధవి రెండు రోజులు కూర్చుని వాటిని చదువుకుంటే ప్రశ్నలకు జవాబు చెప్పగలదు. చెప్పలేనివి ఒకటో రెండో మిగిలితే రాసుకుని తర్వాత ఇస్తామని హైదరాబాద్ వాళ్లకు చెప్పవచ్చు. కాబట్టి 21వ తేదీ పెట్టింది రజిత వస్తుందని కాదు, మాధవి సిద్ధమవడానికి సరిపోయే సమయం కాబట్టి. రజిత వస్తే మంచిదే, రాకున్నా మీటింగ్ జరుగుతుంది. ఈ లెక్క కుదిరితేనే తేదీ ప్రకటించాలి.

నిజంగా ఆమె లేకుండా కానే కాదంటే, ఉదాహరణకు ఆమె సంతకం ఉంటేనే చెల్లే కాగితమైతే, తేదీ ఇవ్వకుండా ఆపడం నయం. దాని గురించి కింద వేరే ప్రశ్న ఉంది.

బుధవారమే ఎందుకంటే, మన వైపు వారంలో కొన్ని రోజులు ఇలాంటి వాటికి కుదరవు. సోమవారం కలెక్టరేట్లలో ప్రజావాణి ఉంటుంది, ఫీల్డ్ వాళ్లకు అక్కడ పని పడుతుంది. శుక్రవారం మధ్యాహ్నం నమాజుకు వెళ్లేవాళ్లుంటారు, కాబట్టి 12 దాటే మీటింగ్ ఆ రోజు వద్దు. మేడారం జాతర ఉన్న ఏడాది అయితే ఆ వారం ములుగు వైపు నుంచి ఎవరినీ పిలవలేం, ఆర్టీసీ బస్సులు ఎక్కువగా జాతరకే తిరుగుతాయి. ఇవన్నీ చూసుకోకుండా తేదీ వేస్తే మళ్లీ మార్చాల్సి వస్తుంది. మళ్లీ మార్చిన ప్రతిసారీ అందరికీ గుర్తొచ్చేది రజిత పేరే.

"తేదీ తర్వాత చెబుతాం" అని రాస్తే సరిపోదా?

ఒట్టి ఆ మాట రాస్తే ప్రతి ఒక్కరూ వేరువేరుగా అడగడం మొదలుపెడతారు, కొందరు రజితనే అడుగుతారు. తేదీ ఇవ్వలేని పరిస్థితిలో, ఎప్పుడు చెబుతారో అది ఇవ్వండి: "కొత్త తేదీ 19వ తేదీ సోమవారం సాయంత్రం లోపల నేనే ఇక్కడ పెడతాను." ఆ సోమవారం కూడా తేలకపోతే అదే మాట ఇంకో రోజు పేరుతో రాయాలి, ఊరుకోకూడదు.

గ్రూపులో "ఏమైంది?", "ఎవరికి?" అని అడుగుతున్నారు. ఏం చెప్పాలి?

ఒకసారి, ఒకే జవాబు: "రజిత గారు వీలు చూసుకుని తానే చెబుతారు. అప్పటిదాకా మనం ఆగుదాం." తర్వాత అదే ప్రశ్న మళ్లీ వస్తే గ్రూపులో కాకుండా ఆ మనిషికి విడిగా చెప్పండి. అందరి ముందు మందలిస్తే ఆ గొడవే పెద్దదవుతుంది.

ఒకాయన గ్రూపులో ఆస్పత్రి పేరుతో సహా మొత్తం రాసేశారు. ఇంకొకరు "ఓం శాంతి" అని కూడా పెట్టారు!

రెండోది ఎక్కువ ప్రమాదం. మనిషి బతికుండగా ఆ మాట రజిత ఫోన్‌లో కనిపించడం కంటే ఘోరం లేదు, ఆమె కూడా ఆ గ్రూపులో ఉంటుంది కదా. వాట్సాప్ గ్రూపులో అడ్మిన్ ఎవరి మెసేజ్‌నైనా అందరికీ కనిపించకుండా తీసేయగలరు. సురేశ్ అడ్మిన్ అయితే ముందు రెండూ తీసేయాలి, ఆ తర్వాత వాళ్లిద్దరికీ ఫోన్ చేసి చెప్పాలి. అడ్మిన్ వేరే ఎవరైనా అయితే ఆయనకు వెంటనే ఫోన్ చేయాలి. రాసినాయన కూడా రెండు రోజుల లోపు తన మెసేజ్‌ను అందరికీ కనిపించకుండా తీసేయవచ్చు. కానీ చాలామంది కంగారులో "నాకు మాత్రమే" అన్నది నొక్కేస్తారు, అప్పుడు వాళ్లకు కనిపించదు గానీ మిగతా అందరికీ కనిపిస్తూనే ఉంటుంది. అది గుర్తు చేయాలి.

తీసేశాక ఆ రోజుకు గ్రూపులో అడ్మిన్లు మాత్రమే రాసేలా సెట్టింగ్ మార్చవచ్చు. మార్చినట్టు ఒక లైను రాయండి, లేకపోతే అది కూడా అనుమానాలకు దారి తీస్తుంది.

మనిషి పోయారని తెలిసింది. ఇప్పుడు మెసేజ్ ఎలా మారుతుంది?

కుటుంబం నుంచి గానీ రజిత చెప్పమన్న మనిషి నుంచి గానీ వచ్చిన కబురైతేనే రాయాలి. ఊరి నుంచి వచ్చిన మాటను, స్టేటస్‌లో ఫొటో చూసి అనుకున్నదాన్ని నమ్మి రాయొద్దు. ఖాయమైతే ఇలా:

> రజిత గారి నాన్నగారు ఈ ఉదయం కాలం చేశారు. అంత్యక్రియలు ఈరోజు సాయంత్రం 4 గంటలకు హుజూరాబాద్‌లో. వెళ్లాలనుకునేవారు మధ్యాహ్నం 2 గంటలకు ఆఫీసు దగ్గరికి రండి, కలిసి వెళ్దాం. ఆమెకు ఫోన్ చేయవద్దు. 21వ తేదీ సమీక్ష గురించి నేను విడిగా రాస్తాను. – సురేశ్

మీటింగ్ సంగతి ఈ మెసేజ్‌లో ఒక్క వాక్యానికి మించకూడదు, కొత్త తేదీ అసలు ఉండకూడదు. చావు కబురు, క్యాలెండర్ ఒకే చోట ఉంటే చదివేవాళ్లకు మనసు నొచ్చుకుంటుంది. తేదీ మార్పు మరుసటి రోజు పంపినా ఏమీ కాదు.

21 అలాగే ఉంచాలా అన్నది ఇక్కడ ఆలోచించాలి. మన వైపు చాలా ఇళ్లలో మూడో రోజు పిట్టకు పెడతారు, పెద్దకర్మ పదకొండో రోజు దాకా ఉంటుంది. కులాన్ని బట్టి, ఇంటి పద్ధతిని బట్టి ఈ రోజులు మారతాయి. ముస్లిం కుటుంబమైతే ఖననం వీలైనంత త్వరగా, చాలాసార్లు అదే రోజు జరుగుతుంది, మూడో రోజు జియారత్ ఉంటుంది. క్రైస్తవ కుటుంబాల్లో దూరం నుంచి రావాల్సినవాళ్లను బట్టి ఒకటి రెండు రోజులు ఆగవచ్చు, జ్ఞాపకార్థ కూటం ఎప్పుడన్నది వాళ్లే చెబుతారు. ఏ రోజు ఏముందో రజితను కాకుండా ఆమె బంధువుల్లో ఒకరిని గానీ ఆ ఊరి మనిషిని గానీ అడిగి తెలుసుకోవాలి. పెద్దకర్మ రోజున మాత్రం మీటింగ్ పెట్టొద్దు. ఆ రోజు ఆఫీసు వాళ్లు సగం మంది భోజనానికి అక్కడికి వెళ్తారు, వెళ్లాలి కూడా.

21న మాధవితోనే మీటింగ్ జరపాలని నిర్ణయిస్తే ఆ సంగతి రజితకు ఎవరి ద్వారానో తెలియకూడదు. నాలుగైదు రోజులయ్యాక, కలిసినప్పుడు సురేశ్ నోటితో చెప్పాలి: "మాధవి చూసుకుంటది, నువ్వు అనుకున్నట్టే పట్టిక అంతా ఉంది. నువ్వు వచ్చినంక నీ పని నీకే." తన కుర్చీలో ఇంకొకరు కూర్చుంటున్నారన్న భయం దుఃఖంలో ఉన్నవాళ్లకు కూడా వస్తుంది, ప్రైవేటు ఉద్యోగమైతే మరీను.

ఆస్పత్రికి వెళ్లి పరామర్శించాలా? మెసేజ్‌లో ఆ మాట రాయాలా?

వెళ్లకపోతే ఏమనుకుంటారోనన్న టెన్షన్ మనలో చాలామందికి ఉంటుంది. ఐసీయూలో ఉన్నంతవరకు లోపలికి పంపేది ఒకరిద్దరినే, అదీ నిర్ణయించిన సమయంలో. పదిమంది వెళ్తే రజిత బయటికి వచ్చి పదిమందికీ జరిగింది మొదటి నుంచి చెప్పాలి. అందుకే "పరామర్శకు వెళ్లే విషయం వాళ్లను అడిగి నేను చెబుతాను" అని గ్రూపు మెసేజ్‌లో ఒక వాక్యం కలపడం మంచిది. వద్దు అన్నట్టు ఉండదు, వరుస ఒకరి చేతిలో ఉంటుంది. ఇంటికి తీసుకొచ్చాక ఇద్దరు ముగ్గురుగా వెళ్లవచ్చు.

క్యాలెండర్‌లో మీటింగ్‌ను తీసేయాలా, మార్చాలా?

మార్చాలి. తీసేస్తే అందరికీ రద్దు మెయిల్ పోతుంది, తర్వాత కొత్త ఆహ్వానం పంపితే రెండింటిలో ఏది నిజమో తెలియక ఫోన్లు వస్తాయి. పాత మీటింగ్ తెరిచి తేదీ మారిస్తే పాతదాని స్థానంలోనే కొత్త సమయం కనిపిస్తుంది. గూగుల్ క్యాలెండర్‌లో సేవ్ చేసేటప్పుడు అతిథులకు మెయిల్ పంపాలా అని అడుగుతుంది, పంపమనాలి.

మీటింగ్ పేరు మార్చొద్దు. "రజిత ఫాదర్ హాస్పిటల్ – వాయిదా" అన్న పేరు కొందరు నిజంగానే పెడతారు. అది అందరి క్యాలెండర్‌లో ఉండిపోతుంది, మీటింగ్ గదిలో తెర మీద ల్యాప్‌టాప్ కలిపినప్పుడు కూడా కనిపిస్తుంది. రజితను ఆహ్వానితుల జాబితా నుంచి తీసేయవద్దు, తీసేస్తే ఆమెకు రద్దు మెయిల్ పోతుంది, తనను తప్పించారేమో అనిపిస్తుంది. ఆమె పేరు పక్కన రావడం తప్పనిసరి కాదని గుర్తు పెట్టే వీలుంది, అది వాడండి.

మీటింగ్ మన చేతిలో లేదు. కలెక్టరేట్‌లో జిల్లా స్థాయి సమీక్ష, మావాళ్ల కోసం మార్చరు.

అప్పుడు రాసేది తేదీ మార్చమని కాదు, మనిషి మార్పు గురించి. సంబంధిత అధికారి ఆఫీసుకు ముందు ఫోన్, తర్వాత రెండు వాక్యాల మెయిల్:

> గౌరవనీయులైన సార్, మా సంస్థ తరఫున నేటి సమీక్షకు హాజరు కావలసిన శ్రీమతి రజిత గారు కుటుంబ అత్యవసర పరిస్థితి వల్ల రాలేకపోతున్నారు. వారి స్థానంలో శ్రీమతి మాధవి గారు పూర్తి నివేదికతో హాజరవుతారు, దయచేసి అనుమతించగలరు.

వాయిస్ మెసేజ్ పెడితే త్వరగా అయిపోతుంది కదా?

రజితకు వద్దు, ఆస్పత్రి వరండాలో పెద్దగా వినిపిస్తుంది. గ్రూపుకు కూడా వద్దు. తేదీ, సమయం మళ్లీ చూసుకోవాలంటే ఆడియో మొత్తం మళ్లీ వినాలి.

ఎమోజీలు?

రజితకు పంపేదాంట్లో ఏవీ అక్కర్లేదు. గ్రూపులో ఇతరులు దండం పెట్టిన చేతులు పెడితే వదిలేయండి.

తేదీ రెండోసారి మార్చాల్సి వస్తోంది. ఎలా రాయాలి?

రెండో మార్పుకు కారణం వేరేదైతే ఆ కారణమే రాయాలి: "హైదరాబాద్ నుంచి వచ్చేవారికి 21న కుదరడం లేదు కాబట్టి 22కు మారుస్తున్నాం." ఏ కారణం రాయకపోతే అందరూ ఇంకా రజిత వల్లే అనుకుంటారు. నిజంగా ఆమె వల్లే అయినా, రెండోసారి ఆమె పేరు రాయొద్దు. "లెక్కల పని పూర్తి కావడానికి ఇంకో రోజు కావాలి" అన్నదీ అబద్ధం కాదు, ఆ ఒక్క రోజు మాధవికి కావాలి.

ఆమె తిరిగి వచ్చిన రోజు మీటింగ్ ఉంటే?

ముందురోజు సాయంత్రం సురేశ్ ఒక మెసేజ్ పెట్టాలి: "రేపు 11కు మీటింగ్ ఉంది, మాధవి చెప్తది. నువ్వు కూర్చుంటే కూర్చో, లేకుంటే ఆ గంట నీ టేబుల్ సర్దుకో." మీటింగ్ మొదట్లో అందరి ముందు "మీ నాన్నగారికి ఎలా ఉంది?" అని అడగకూడదు. మిగతావాళ్లకు కూడా ఆ మాట ముందే విడిగా చెప్పి ఉంచాలి, ముఖ్యంగా హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్లకు. వాళ్లు ఆ రోజే ఆమెను మొదటిసారి చూస్తారు, అడగడం మర్యాద అనుకుంటారు. టీ తాగేటప్పుడు పక్కకు వచ్చి అడిగితే ఆమె చెప్పాలనుకున్నంత చెబుతుంది.